డాబా ఫొటోలో సోలార్ ప్యానెళ్లను సరైన వాలుతో, సరైన ప్రతిబింబంతో అమర్చడం: కొటేషన్ తయారుచేసేవారికి సమగ్ర మార్గదర్శి

కొటేషన్‌తో పాటు "మీ డాబా మీద ప్యానెళ్లు ఇలా ఉంటాయి" అని ఒక బొమ్మ జతచేయడం ఇప్పుడు మామూలైపోయింది. అయితే ఆ బొమ్మల్లో చాలావాటిని చూడగానే ఏదో తేడాగా అనిపిస్తుంది. ప్యానెళ్లు నేలకు అతికించినట్టో గాలిలో తేలుతున్నట్టో ఉంటాయి, అద్దం మీద ఎక్కడినుంచో ఒక తెల్లని మెరుపు పడుతూ ఉంటుంది. వాలు, నీడ, ప్రతిబింబం అనే మూడింటినీ సరిచేయడం ఎలాగని చాలామంది పాఠకులు అడుగుతున్నారు. ఈ మూడింటికీ సమాధానం చాలావరకు ఫొటో తీసే చోటనే దొరుకుతుందని, కంప్యూటర్ ముందు కూర్చున్నాక ఊహతో గీసేది ఎంత తగ్గితే బొమ్మ అంత నమ్మదగినదిగా వస్తుందని నా అభిప్రాయం. అందుకే ఈ మార్గదర్శిలో సగభాగం డాబా మీదే గడుస్తుంది.

ఉదాహరణగా విజయవాడలో 30 × 50 అడుగుల స్థలంలో కట్టిన ఇంటిని తీసుకుందాం. పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంది. మెట్లగది దక్షిణం వైపు, ప్యానెళ్లు పెట్టాల్సిన ఖాళీ ఉత్తరం వైపు ఉన్నాయి. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, అంటే 3.24 కిలోవాట్లు, దక్షిణానికి తిప్పి 15 డిగ్రీల వాలుతో ఒకే వరుసలో నిలువుగా పెట్టాలి. ఫొటో ఫిబ్రవరి మధ్యలో ఉదయం 10:30 గంటలకు, మెట్లగది కప్పు మీదనుంచి ఉత్తరం వైపు చూస్తూ తీస్తున్నాం.

## 1. బయలుదేరే ముందు వేసుకోవాల్సిన లెక్క

కొటేషన్‌లో రాయబోయే ప్యానెల్ మోడల్ డేటాషీటు దగ్గర పెట్టుకోండి. ఈ ఉదాహరణలోని ప్యానెల్ పొడవు 2.279 మీటర్లు, వెడల్పు 1.134 మీటర్లు, ఫ్రేము మందం 35 మిల్లీమీటర్లు. రెండు ప్యానెళ్ల మధ్య క్లాంపు కోసం 20 మిల్లీమీటర్ల సందు వదులుతాం. దీన్నిబట్టి వరుస మొత్తం వెడల్పు 6.90 మీటర్లు అవుతుంది.

15 డిగ్రీల వాలులో 2.279 మీటర్ల పొడవున్న ప్యానెల్ నేల మీద ఆక్రమించే లోతు 2.20 మీటర్లు, ముందు అంచుకంటే వెనక అంచు లేచే ఎత్తు 0.59 మీటర్లు. ముందు అంచును నేలనుంచి 0.60 మీటర్ల ఎత్తున పెడితే వెనక అంచు 1.19 మీటర్ల ఎత్తుకు వస్తుంది. మీ స్ట్రక్చర్ కొలతలు వేరైతే ఈ రెండు ఎత్తులనూ మార్చుకోవాలి తప్ప, పద్ధతిలో తేడా ఉండదు.

వెంట తీసుకెళ్లాల్సినవి:

- 0.60 మీటర్లకు కోసిన పీవీసీ పైపులు రెండు, 1.19 మీటర్లకు కోసినవి రెండు. పై కొసలకు ఎర్ర టేపు చుట్టి ఉంచాలి.
- పైపులు నిలబెట్టడానికి ఇసుక నింపిన చిన్న డబ్బాలు నాలుగు
- టేపు, సుద్దముక్క, రసమట్టం, మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ ట్యూబు
- ట్రైపాడ్, ఫొటో తీసే ఫోన్ లేదా కెమెరా
- 20 నుంచి 40 వాట్ల చిన్న సోలార్ ప్యానెల్ ఒకటి, దాన్ని 15 డిగ్రీల వాలులో నిలిపే చెక్క ఆసరా

చివరి వస్తువును చాలామంది అనవసరమనుకుంటారు. రంగు, మెరుపు విషయంలో తర్వాత తలెత్తే వాదనలన్నిటినీ తీర్చేది అదే.

## 2. డాబా మీద గుర్తులు పెట్టడం

ముందుగా దిక్కు చూసుకోండి. ఫోన్ దిక్సూచిని ఇనుప ట్యాంకు స్టాండుకు దగ్గరగా గానీ, పిట్టగోడ మీద ఆనించి గానీ చూస్తే లోపలి ఇనుము వల్ల తప్పు చూపవచ్చు. నాలుగైదు చోట్ల చూసి, ఎక్కువ చోట్ల ఒకేలా వచ్చిన దిశను తీసుకోవాలి. శాటిలైట్ మ్యాపులో ఇంటి గోడ ఏ దిశలో ఉందో చూసి దానితో సరిపోల్చుకోవడం ఇంకా మంచిది.

తర్వాత 6.90 × 2.20 మీటర్ల దీర్ఘచతురస్రాన్ని సుద్దతో నేల మీద గీయాలి. మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో తెలియడానికి రెండు కర్ణాలనూ కొలవాలి. రెండూ 7.24 మీటర్లు వస్తే మూలమట్టం కుదిరినట్టు.

ఇప్పుడు దక్షిణం వైపు రెండు మూలల్లో పొట్టి పైపులను, ఉత్తరం వైపు రెండు మూలల్లో పొడుగు పైపులను నిలువుగా నిలబెట్టండి. ఇక్కడ తప్పకుండా గమనించాల్సిన విషయం ఒకటుంది. వాననీరు పోవడానికి ప్రతి డాబాకూ కొంత వాటం ఉంటుంది కాబట్టి, 7 మీటర్ల దూరంలో ఒక మూలకూ ఇంకో మూలకూ నేల మట్టంలో కొన్ని సెంటీమీటర్ల తేడా వస్తుంది. నిజంగా బిగించేటప్పుడు ఆ తేడాను కాళ్ల పొడవులో సర్దుతారు. అందువల్ల లెవెల్ ట్యూబు పట్టి, ముందరి రెండు పైపుల కొసలు ఒకే మట్టంలోను, వెనక రెండు కొసలు వాటికంటే సరిగ్గా 0.59 మీటర్ల ఎత్తున ఒకే మట్టంలోను ఉండేలా డబ్బాల కింద చెక్కముక్కలు పెట్టి సర్దుకోవాలి.

నాలుగు ఎర్ర కొసలు ఇప్పుడు రాబోయే ప్యానెల్ వరుస నాలుగు మూలలు. కెమెరా ఎక్కడ ఉన్నా, ఏ లెన్సు వాడినా, ఫొటోలో ఆ నాలుగు చుక్కలు పడిన చోటే ప్యానెల్ మూలలు పడతాయి. వాలును కంటితో అంచనా కట్టే అవసరం ఇంతటితో తీరిపోతుంది.

ఈ పైపులు చేసే రెండో మేలు కూడా ఉంది. ఆ కొసల నీడలు నేల మీద ఎక్కడ పడుతున్నాయో చూడండి. ప్యానెల్ వరుస నీడకు అవే నాలుగు మూలలు. నీడ కోసం వేరే లెక్క వేయనక్కరలేదు, పైపు కొస నీడ ఫొటోలో స్పష్టంగా కనబడితే చాలు.

## 3. ఫొటోలు తీసే వరుస

ట్రైపాడ్‌ను మెట్లగది కప్పు మీద పెట్టండి. మన ఉదాహరణలో లెన్సు డాబా నేలకు 3.9 మీటర్ల ఎత్తున, ప్యానెల్ వరుస మధ్యభాగానికి దక్షిణంగా 8 మీటర్ల దూరంలో ఉంది. ఈ రెండు కొలతలనూ కాగితం మీద రాసుకోవాలి, ప్రతిబింబం లెక్కకు ఇవి కావాలి.

ఫోన్‌లో 1x లెన్సే వాడండి. 0.5x లెన్సు పిట్టగోడను విల్లులా వంచుతుంది. ఎక్స్‌పోజర్‌నూ ఫోకస్‌నూ లాక్ చేసి, హెచ్‌డీఆర్ ఆపేయాలి. హెచ్‌డీఆర్ ఉంటే ఫోన్ నీడలను తనంతట తానే వెలిగించేస్తుంది, అప్పుడు మనం వేసే నీడకు పోలిక దొరకదు.

ట్రైపాడ్ కదలకుండా, ఎక్స్‌పోజర్ మారకుండా ఈ వరుసలో తీయాలి:

1. పైపులు నిలబెట్టి ఉన్న ఫొటో
2. పైపులు, డబ్బాలు తీసేసి, సుద్దగీతలు తుడిచేసిన ఖాళీ డాబా ఫొటో
3. వరుస మధ్యభాగం ఉండే చోట, చిన్న ప్యానెల్‌ను దక్షిణానికి 15 డిగ్రీల వాలుతో పెట్టిన ఫొటో
4. ఫోన్‌ను ట్రైపాడ్‌నుంచి తీసి, అదే ఎక్స్‌పోజర్‌తో ఉత్తరం వైపు ఆకాశాన్ని 50 డిగ్రీల ఎత్తుకు గురిపెట్టి తీసిన ఫొటో. 50 డిగ్రీలే ఎందుకో 6వ భాగంలో తెలుస్తుంది.

ఈ నాలుగూ పది పదిహేను నిమిషాల్లో పూర్తికావాలి. అంతకంటే ఆలస్యమైతే సూర్యుడు జరిగి, మొదటి ఫొటోలోని పైపుల నీడలకూ రెండో ఫొటోలోని మెట్లగది నీడకూ పొంతన ఉండదు. మబ్బులు వచ్చిపోతూ ఉంటే ఎండ నిలకడగా వచ్చేదాకా ఆగడం మంచిది.

## 4. ప్యానెల్ వరుసను తయారుచేసి కూర్చోబెట్టడం

ఇక్కడినుంచి పని జింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాం. ఇది ఉచితంగా దొరుకుతుంది, ఈ పనికి పూర్తిగా సరిపోతుంది.

ముందుగా ప్యానెల్ వరుసను నేరుగా ఎదురుగా చూసినట్టు ఒక బొమ్మ గీయాలి. 2 మిల్లీమీటర్లకు ఒక పిక్సెల్ లెక్కన ఒక్కో ప్యానెల్ 567 × 1140 పిక్సెల్‌లు, మధ్య సందు 10 పిక్సెల్‌లు. మొత్తం బొమ్మ 3452 × 1140 పిక్సెల్‌లు అవుతుంది. సందులను పారదర్శకంగా వదలాలి, ఎందుకంటే వాటిగుండా కింది నేల కనబడుతుంది. 144 సగం సెల్లుల ప్యానెల్‌లో సెల్లులు అడ్డంగా 6, నిలువుగా 24 ఉంటాయి, మధ్యలో అడ్డంగా కొంచెం వెడల్పైన పట్టీ ఉంటుంది. సెల్లుల మీది సన్నని వెండి గీతలను మాత్రం గీయకండి. 8 మీటర్ల దూరంనుంచి అవి కంటికి ఆనవు, గీస్తే బొమ్మను చిన్నది చేసినప్పుడు అలల్లాంటి చారలు పుడతాయి.

తర్వాత ఇలా చేయండి:

1. ఖాళీ డాబా ఫొటోను అడుగు పొరగా, పైపుల ఫొటోను దాని పైపొరగా పెట్టండి. పైపొరను దాచి, చూపి, పిట్టగోడ అంచులు కదలడం లేదని నిర్ధారించుకోండి.
2. పిట్టగోడ గీత వంగి కనబడితే రెండు పొరలకూ ఒకే విలువతో `Filters > Distorts > Lens Distortion` వేసి సరిచేయండి. ఈ పని ప్యానెళ్లు పెట్టకముందే జరగాలి.
3. ప్యానెల్ వరుస బొమ్మను కొత్త పొరగా తెచ్చి, `Shift+P` నొక్కి, నాలుగు మూలలను నాలుగు ఎర్ర కొసల మీదికి లాగండి. `Interpolation` దగ్గర `LoHalo` ఎంచుకుంటే సన్నని గీతలు చెదరవు.
4. పైపుల పొరను దాచేయండి. అప్పుడే చెరిపేయకండి, నీడకు మళ్లీ కావాలి.

ఆరు ప్యానెళ్లనూ విడివిడిగా వంచి పక్కపక్కన పెట్టడం చాలామంది చేసే తప్పు. అలా చేస్తే ఒక్కో ప్యానెల్ ఒక్కో వాలులో ఉన్నట్టు కనబడుతుంది. వరుస మొత్తాన్ని ఒకే బొమ్మగా, ఒకేసారి వంచాలి.

ఇప్పుడు మందం సంగతి. దక్షిణంనుంచి చూస్తున్నాం కాబట్టి ముందు అంచున ఫ్రేము మందం కనబడాలి. ఫొటోలో ముందు అంచు 1900 పిక్సెల్‌ల పొడవు వచ్చిందనుకుంటే, మీటరుకు 275 పిక్సెల్‌లు పడినట్టు. పైనుంచి ఏటవాలుగా చూస్తున్నాం కాబట్టి 35 మిల్లీమీటర్ల ఫ్రేముకు దాదాపు 7 పిక్సెల్‌లు. ఈ ఏడు పిక్సెల్‌ల వెండిరంగు పట్టీ లేకపోవడం వల్లనే చాలా బొమ్మల్లో ప్యానెల్ కాగితంలా పలుచగా కనబడుతుంది. పట్టీ కింద ముందు కాళ్లను, వాటి అడుగున కాంక్రీటు దిమ్మలను గీయాలి. వెనక కాళ్లు ప్యానెళ్ల కిందుగా ఎంతవరకు కనబడతాయో అంతవరకే గీయాలి.

## 5. నీడ

పైపుల పొరను ఒకసారి చూపించి, నాలుగు కొసల నీడలను కలుపుతూ `Free Select` తో చతుర్భుజం గీయండి. ఫిబ్రవరి మధ్యలో ఉదయం 10:30 గంటలకు విజయవాడలో సూర్యుడు ఆగ్నేయంలో దాదాపు 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అందువల్ల నీడ వాయవ్యానికి జరుగుతుంది. ముందు అంచు నీడ 35 సెంటీమీటర్లు ఉత్తరానికి, 35 సెంటీమీటర్లు పడమరకు పడుతుంది. వెనక అంచు నీడ రెండు వైపులకూ 70 సెంటీమీటర్ల చొప్పున జరుగుతుంది. మీరు గీసిన చతుర్భుజం దీనికి దగ్గరగా ఉందో లేదో చూసుకుంటే, పైపు ఎక్కడైనా ఒరిగి ఉంటే తెలిసిపోతుంది.

ఈ అంకెల్లో దాగిన ఒక చిన్న విషయం బొమ్మకు ప్రాణం పోస్తుంది. నీడ ముందు అంచుకు సరిగ్గా కిందనుంచి మొదలవదు. కింద దాదాపు 35 సెంటీమీటర్ల మేర ఎండ పడుతూనే ఉంటుంది, ఆ తర్వాతే చీకటి మొదలవుతుంది. మెట్లగది మీదనుంచి చూసే కంటికి ఆ ఎండపట్టీ స్పష్టంగా కనబడుతుంది. దాన్ని వదిలేసి కిందంతా నలుపు పూస్తే ప్యానెళ్లు నేలకు అంటుకున్నట్టుంటాయి.

నీడ రంగును ఊహించవద్దు. మెట్లగది నీడ అదే ఫొటోలో ఉంది కదా. `Color Picker` తో ఎండలో ఉన్న నేలనూ, మెట్లగది నీడలో ఉన్న నేలనూ కొలవండి. ఎండలో 205, 198, 186 వచ్చి, నీడలో 104, 107, 112 వచ్చిందనుకుందాం. మొదటిదానితో రెండోదాన్ని భాగించి 255తో గుణిస్తే 129, 138, 154 వస్తుంది. చతుర్భుజంలో ఆ రంగు నింపి, పొర `Mode` ను `Multiply` గానూ, `Blend Space` ను `RGB (perceptual)` గానూ పెట్టాలి. వచ్చిన రంగులో నీలం ఎక్కువగా ఉండడం గమనించండి. ఎండ తగలని చోట వెలుగంతా ఆకాశంనుంచే వస్తుంది కాబట్టి పగటి నీడలో ఎప్పుడూ కొంత నీలి ఛాయ ఉంటుంది. ఉత్త నలుపుతో వేసిన నీడ తేలిపోవడానికి కారణం ఇదే.

నీడ అంచు ఎంత మెత్తగా ఉండాలనేదానికీ ఒక లెక్క ఉంది. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు దాదాపు అర డిగ్రీ. అందువల్ల అంచు మసక, ఆ అంచుకూ నేలకూ మధ్య కిరణం ప్రయాణించే దూరంలో వందో వంతుకంటే కొంచెం తక్కువ ఉంటుంది. మన వరుసలో అది 7 నుంచి 14 మిల్లీమీటర్లు, అంటే రెండు నుంచి నాలుగు పిక్సెల్‌లు మాత్రమే. సాఫ్ట్‌వేర్ తనంతట తానిచ్చే `Drop Shadow` లో అంచు ఇరవై ముప్పై పిక్సెల్‌ల మేర చెదిరిపోతుంది, అది వాడకండి.

నీడ పిట్టగోడ దాకా వెళితే అక్కడ గోడ మీదికి మడతపడి పైకి లేవాలి. అలాంటప్పుడు పైపు కొస నీడ గోడ మీదే పడి కనబడుతుంది, ఆ చుక్కనే అనుసరించాలి.

## 6. ప్రతిబింబం: అద్దంలో ఏ ఆకాశం కనబడుతుంది?

ప్యానెల్ పైపొర అద్దమే. దానిలో సూర్యుడు కనబడాలంటే కెమెరా, అద్దం, సూర్యుడు మూడూ ఒక నిర్దిష్టమైన అమరికలో ఉండాలి. ఆ అమరిక లేనప్పుడు మెరుపు గీయడం తప్పు.

దక్షిణానికి వాలిన ప్యానెల్‌ను దక్షిణంనుంచి చూసేటప్పుడు లెక్క చాలా సులువు. ప్యానెల్ దగ్గరనుంచి చూస్తే కెమెరా ఎన్ని డిగ్రీల ఎత్తున ఉందో ఆ అంకెకు ప్యానెల్ వాలును రెట్టింపు చేసి కలపాలి. వచ్చిన అంకె, ఆ ప్యానెల్‌లో ప్రతిబింబించే ఉత్తరాకాశపు ఎత్తు.

మన కెమెరా ప్యానెల్ మధ్యభాగానికంటే 3 మీటర్ల ఎత్తున, 8 మీటర్ల దూరాన ఉంది కాబట్టి ఎత్తు కోణం సుమారు 20 డిగ్రీలు. 15కు రెట్టింపు 30. మొత్తం 50. అంటే ప్యానెళ్లలో ఉత్తరం వైపు 50 డిగ్రీల ఎత్తున ఉన్న ఆకాశం కనబడుతుంది. నాలుగో ఫొటోను అక్కడికే గురిపెట్టమన్నది అందుకే. విజయవాడలో జూన్‌లో సూర్యుడు నడినెత్తిని కాస్త దాటి ఉత్తరానికి వెళతాడు గానీ, ఉత్తరం వైపు 50 డిగ్రీల ఎత్తుకు ఎన్నడూ దిగడు. కాబట్టి ఈ చోటినుంచి తీసిన ఫొటోలో సూర్యుడి మెరుపు ఏడాదిలో ఏ రోజూ, ఏ వేళా కనబడదు. వరుస రెండు కొసలకూ వేరువేరుగా లెక్కవేసినా ఇదే తేలుతుంది.

మరి 10:30 గంటల మెరుపు ఎటు పోతోంది? ఆగ్నేయంలో 50 డిగ్రీల ఎత్తునున్న సూర్యుడి కిరణం ఈ ప్యానెల్ మీద పడి, పడమరగా దాదాపు 63 డిగ్రీల ఎత్తుకు లేచిపోతుంది. అక్కడ ఎగిరే డ్రోన్‌కు తప్ప ఆ మెరుపు ఎవరి కంటా పడదు. పక్కింటివారికి ఎండ కొడుతుందేమోనని కస్టమర్ అడిగితే ఈ లెక్కనే చూపవచ్చు. అయితే పొద్దువాలే వేళ సంగతి వేరు. సూర్యుడు సరిగ్గా పడమరన 20 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు మెరుపు తూర్పుగా, కొంచెం దక్షిణానికి ఒరిగి, 17 డిగ్రీల ఎత్తున వెళుతుంది. తూర్పున ఎత్తైన అపార్టుమెంటు ఉంటే ఆ విషయం ముందే చెప్పాలి.

కెమెరా సరిగ్గా దక్షిణాన లేనప్పుడు పై సులువు సూత్రం పనికిరాదు. అప్పుడు ఈ చిన్న ప్రోగ్రాము వాడండి. `az` అంటే ప్యానెల్ దగ్గరనుంచి కెమెరా ఉన్న దిశ, ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180 చొప్పున. `el` కెమెరా ఎత్తు కోణం.

```python
from math import *
tilt, az, el = 15, 180, 20
t, a, e = map(radians, (tilt, az, el))
v = (cos(e)*sin(a), cos(e)*cos(a), sin(e))
n = (0, -sin(t), cos(t))
d = sum(p*q for p, q in zip(n, v))
r = [2*d*q - p for p, q in zip(v, n)]
print(degrees(atan2(r[0], r[1])) % 360, degrees(asin(r[2])))
```

ఇది ప్రతిబింబించే ఆకాశపు దిశనూ ఎత్తునూ ఇస్తుంది. పై అంకెలతో దిశ 360, అంటే ఉత్తరం, ఎత్తు 50 వస్తాయి. ఆ చోటుకు సూర్యుడు ఐదు డిగ్రీల లోపు ఉంటేనే మెరుపు గురించి ఆలోచించాలి. అలా వచ్చినా, ఆ వేళ కాకుండా వేరే వేళ ఫొటో తీయమనే నా సలహా. మెరిసే ప్యానెల్‌లో కస్టమర్ చూడాల్సిన వివరమేదీ మిగలదు.

ఇక ఆ ఆకాశాన్ని పొరగా వేయడం. అద్దం తన మీద పడిన వెలుగంతటినీ తిప్పికొట్టదు. నేరుగా ఎదురుగా చూస్తే మామూలు అద్దం సుమారు 4 శాతం ప్రతిబింబిస్తుంది. 55 డిగ్రీలు పక్కకు జరిగి చూస్తే 7 శాతం, 75 డిగ్రీలైతే 25 శాతం అవుతుంది. ప్యానెల్ అద్దానికి మెరుపు తగ్గించే పూత ఉంటుంది కాబట్టి ఇంకా కొంచెం తగ్గుతుంది. మన కెమెరా ప్యానెల్ లంబానికి 55 డిగ్రీల పక్కన ఉంది.

1. ఆకాశం ఫొటోను కొత్త పొరగా తెచ్చి, `Layer > Transform > Flip Vertically` వేయండి. ప్యానెల్ పై అంచులో కనబడే ఆకాశం కింది అంచులో కనబడేదానికంటే కిందిది, అందుకే తలకిందులు చేయాలి. ఎడమ కుడులు మార్చనక్కరలేదు.
2. ఫ్రేములు, సందులు వదిలి అద్దం ఉన్నచోట మాత్రమే కనబడేలా మాస్కు వేయండి.
3. `Mode` ను `Addition` గా, `Blend Space` ను `RGB (linear)` గా, `Opacity` ని 6గా పెట్టండి. `RGB (perceptual)` లో వదిలేస్తే ఇదే 6 శాతం అసలు కనబడనంత మసకగా వస్తుంది, అప్పుడు చేయి ఆగక 30, 40 దాకా పెంచేస్తారు.
4. పై అంచు వైపు ప్రతిబింబం కొంచెం ఎక్కువ ఉండేలా `Opacity` ని 8కి పెంచి, కింది అంచు దగ్గర 6కు తగ్గేలా మాస్కులో నిలువుగా పలుచని గ్రేడియెంటు వేయండి. మన ఉదాహరణలో కింది అంచుకూ పై అంచుకూ తేడా 6కూ 8కీ మధ్య మాత్రమే, అంతకు మించితే అతి అవుతుంది.

ఇప్పుడు మూడో ఫొటో తెరిచి, నిజమైన చిన్న ప్యానెల్ పక్కన మీ బొమ్మను పెట్టి చూడండి. సెల్లు రంగును `Color Picker` తో కొలవండి. మీ ప్యానెళ్లు దానికంటే నీలంగానో వెలుగుగానో ఉంటే, ప్రతిబింబం పొరను ముట్టుకోకుండా అడుగున ఉన్న సెల్లుల రంగును `Colors > Curves` తో తగ్గించండి. మోనో సెల్లులు మనం అనుకునేదానికంటే నల్లగా ఉంటాయి. కాటలాగుల్లోని నీలం చూసి అలవాటుపడిన కంటికి ఈ నలుపు మొదట వింతగా తోచినా, బిగించాక కస్టమర్ చూసేది ఆ నలుపునే.

## 7. ముందున్న వస్తువులు, చివరి మెరుగులు

ప్యానెళ్ల ముందుకు వచ్చే పైపులు, కేబుల్ టీవీ వైర్లు, పూలకుండీలు ప్యానెల్ పొరకు పైన కనబడాలి. అడుగు పొరనుంచి వాటిని కత్తిరించి పైన పెట్టడమే మార్గం. వైర్లను తుడిచేసి డాబాను శుభ్రంగా చూపాలనే కోరికను అణచుకోవాలి. ట్యాంకు నీడ ప్యానెల్ మీద పడుతుంటే దాన్నీ అలాగే చూపాలి, ఎందుకంటే ఉత్పత్తి తగ్గేది ఆ నీడ వల్లే.

కంప్యూటర్‌లో గీసిన ప్యానెల్ ఫొటోకంటే పదునుగా ఉంటుంది. ప్యానెల్ పొరకు `Gaussian Blur` 0.5 నుంచి 0.7 పిక్సెల్ వేసి, పిట్టగోడ మీద ఉన్నంత గరుకు వచ్చేలా `Filters > Noise > RGB Noise` స్వల్పంగా కలపండి. 200 శాతానికి పెద్దది చేసి, పిట్టగోడ అంచూ ప్యానెల్ అంచూ ఒకే తీరుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

## 8. తేడా ఎక్కడుందో పట్టుకోవడం

ప్యానెళ్లు తేలుతున్నట్టున్నాయి. కాళ్ల అడుగు దిమ్మలు గానీ, నీడ గానీ సరైన చోట లేవు. ముందు అంచు కింద ఎండపట్టీ ఉందో లేదో చూడండి.

వాలు తేడాగా అనిపిస్తోంది. ముందరి పైపులు, వెనక పైపులు తారుమారై ఉండవచ్చు, లేదా డాబా వాటాన్ని సర్దలేదు. ముందు అంచు గీతనూ వెనక అంచు గీతనూ రెండు వైపులకూ పొడిగించి చూడండి. తూర్పు పడమరలుగా ఉన్న పిట్టగోడ గీత ఎక్కడ కలుస్తుందో అవీ అక్కడే కలవాలి. కలవకపోతే వరుస మట్టంలో లేనట్టు.

ప్యానెళ్ల మీద ఏటవాలు తెల్లచార ఉంది. గీసిన బొమ్మతో పాటే వచ్చిన అలంకారపు మెరుపు అది. డేటాషీటు బొమ్మను నేరుగా వాడినప్పుడు ఎక్కువగా ఇలా జరుగుతుంది. దాన్ని తీసేసి సెల్లును ఒకే రంగుతో నింపండి.

ఒక్కో ప్యానెల్‌లో అదే మబ్బు మళ్లీ మళ్లీ కనబడుతోంది. ఆకాశాన్ని ప్యానెల్‌కు ఒకటి చొప్పున వేశారు. ఆరు ప్యానెళ్లూ ఒకే తలంలో ఉన్నాయి కాబట్టి మబ్బు ఒకదానినుంచి ఇంకోదానికి సాగిపోవాలి.

## 9. కస్టమర్ వాట్సాప్‌లో పంపిన ఫొటో మాత్రమే ఉంటే

ఇంటికి వెళ్లే వీలు లేకపోతే ఫొటోను డాక్యుమెంటుగా పంపమని అడగండి, మామూలుగా పంపితే వివరాలు నలిగిపోతాయి. తీసిన తేదీ, వేళ, పిట్టగోడ ఎత్తు, డాబా కొలతలు కూడా అడగాలి. పైపు కొసలు లేవు కాబట్టి, పిట్టగోడ గీతల ఆధారంగా కెమెరా స్థానాన్ని fSpy అనే ఉచిత ప్రోగ్రాముతో తేల్చి, దాన్ని Blender అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, అక్కడ అసలు కొలతలతో ప్యానెళ్లను నిలబెట్టాలి. సూర్యుడి దిశను SunCalc వెబ్‌సైట్‌లో చూసి ఇవ్వవచ్చు. పని ఎక్కువ, ఖచ్చితత్వం కొంత తక్కువ. రెండు మీటర్ల వెడల్పులో ఐదు పది సెంటీమీటర్ల తేడా రావచ్చని కస్టమర్‌కు రాతపూర్వకంగా చెప్పడం న్యాయం.

## 10. పంపేముందు

- ప్యానెళ్ల సంఖ్య, మోడల్, ఫ్రేము రంగు కొటేషన్‌తో సరిపోయాయా?
- వరుస నాలుగు మూలలూ పైపు కొసల మీదే ఉన్నాయా?
- నీడ దిశ మెట్లగది నీడ దిశతో కలుస్తోందా?
- లెక్కలో రాని మెరుపు ఎక్కడైనా మిగిలిందా?
- పైపుల పొర దాగి ఉందా, సుద్దగీత ఎక్కడైనా కనబడుతోందా?

బొమ్మ కింద ఒక వరుసలో ఈ వివరాలు ఉండాలి: "ఊహాచిత్రం. 540 వాట్ల ప్యానెళ్లు 6, దక్షిణానికి 15 డిగ్రీల వాలు, ముందు ఎత్తు 0.60 మీ., వెనక ఎత్తు 1.19 మీ., ఫిబ్రవరి మధ్యలో ఉదయం 10:30 గంటల ఎండ." పొరలున్న `.xcf` ఫైలును కస్టమర్ పేరుతో దాచి ఉంచండి. స్ట్రక్చర్‌ను ఇంకో రెండడుగులు లేపమని గానీ, ఈశాన్యం మూల ఖాళీగా వదలమని గానీ వారు అడిగితే, పైపులను కొత్త ఎత్తుల్లో, కొత్త మూలల్లో నిలబెట్టి ఒక్క ఫొటో తీసుకుంటే మిగిలిన పొరలన్నీ మళ్లీ పనికొస్తాయి. అయితే దాన్ని కూడా అదే స్థానంనుంచి, దగ్గర తేదీల్లో, అదే వేళకు తీయాలి.